నీ స్నేహితురాలికి వాచీ కొనేముందు

చిట్టితల్లీ,

చూపు లేని నీ స్నేహితురాలి పుట్టినరోజుకి మాట్లాడే వాచీ కొందామనుకుంటున్నానని, నా అభిప్రాయం చెప్పమని రాశావు. నాకు చూపు పోయి 20 ఏళ్ళు దాటింది. ఈ మధ్యకాలంలో మాట్లాడే వాచీలే నాకు మూడు బహుమతులుగా వచ్చాయి. మూడూ బీరువాలోనే ఉన్నాయి. అవి చెడ్డవస్తువులు కావు. కానీ నలుగురి మధ్య కూర్చున్నప్పుడు మీట నొక్కితే, నేను టైము చూసుకుంటున్నానని గదంతటికీ తెలిసిపోతుంది. ఎదుటివాళ్ళు మాటలు ఆపేసి "వెళ్ళాలా?" అంటారు. చూపున్నవాళ్ళు ఓరకంట వాచీ చూసుకుంటే ఎవరికీ తెలియదు కదా. ఆ మాత్రం గుట్టు మాకూ కావాలి.

అందుకే నన్నడిగితే, తడిమి చూసుకునే వాచీ కొను. మామూలు వాచీలాగే ముళ్ళుంటాయి, కానీ పైనున్న అద్దం మూతలా తెరుచుకుంటుంది. డయల్ మీద ఉబ్బెత్తు చుక్కలుంటాయి. సాధారణంగా 12 దగ్గర అన్నిటికంటే వేరుగా తెలిసేలా ఒక గుర్తు, 3, 6, 9 దగ్గర రెండేసి చుక్కలు, మిగతా అంకెల దగ్గర ఒక్కొక్కటి. బ్రెయిలీ రాకపోయినా ఫరవాలేదు, చుక్కలు లెక్కపెట్టుకుంటే చాలు. పెద్దయ్యాక చూపు పోయినవాళ్ళలో బ్రెయిలీ నేర్చుకోనివాళ్ళు చాలామంది. నీ స్నేహితురాలికి వచ్చేమోనని నువ్వే అనుకోకు.

కొట్లో దాన్ని చేతిలోకి తీసుకుని కళ్ళు మూసుకో. ముందు మూత తెరిచే మీట వేలికి తెలుస్తోందా చూడు. తర్వాత చూపుడువేలి కొసని మధ్యలో ఆనించి, ముల్లు వెంబడి అంచుదాకా మెల్లగా పోనీ. పొట్టి ముల్లేదో పొడుగు ముల్లేదో తేడా తెలియాలి. రెండూ ఒకదాని మీద ఒకటి వచ్చే 12 గంటలప్పుడు కూడా చూడు, అక్కడే తికమక. ఇప్పుడు అసలు పరీక్ష: పదిసార్లు తడిమాక కళ్ళు తెరిచి, పక్కనున్న ఇంకో గడియారంతో పోల్చు. వేలు తగిలి ముల్లు జరిగిపోతే ఆ వాచీ వద్దు. నా మొదటి వాచీ అలాంటిదే. నేను తడిమిన ప్రతిసారీ రెండు నిమిషాలు వెనక్కి పోయేది. సాయంత్రానికి అది చెప్పే టైము ఒకటి, అసలు టైము ఇంకొకటి. తప్పు నా చేతిదేనని ఎన్నాళ్ళో బాధపడ్డాను.

కొనకముందు ఒకటి మాత్రం కనుక్కో. ఆమెకి షుగర్ వల్ల చూపు పోయుంటే, వేలికొసల్లో స్పర్శ కూడా మందగించి ఉండొచ్చు. అప్పుడు చుక్కలు తెలియవు. బట్టల మీది సన్నని కుట్టు, నాణేల అంచు వేలితో తెలుసుకోగలదా అని మాటల్లో అడుగు. ఆ పని కష్టమంటే, మణికట్టు మీద కంపించి టైము చెప్పే వాచీ మేలు. కంపనాలు లెక్కపెట్టుకోవాలి, కాస్త ఓపిక కావాలి. ఆమె ఎక్కువగా ఇంట్లో ఒక్కతే ఉంటుందంటే మాట్లాడేదే నయం, అది కూడా ఆమెనే అడుగు. అడిగితే బహుమతి తెలిసిపోతుందని భయపడకు. చేతికి పెట్టుకోలేని వస్తువు చూపించి ఆశ్చర్యపరచడం కన్నా ఇదే నయం.

టైము సరిచేసే పని ఎవరు చేస్తారో కూడా ఆలోచించు. పక్కనున్న కీ బయటికి లాగి, మూత తెరిచి ముళ్ళు తడుముతూ తనే తిప్పుకోగలగాలి. కీ మరీ చిన్నదైతే గోటికి చిక్కదు. ప్రతిసారీ నిన్ను పిలవాల్సివస్తే, ఆ వాచీ సగం నీ చేతికే ఉన్నట్టు. బెల్టు బకిల్ కూడా ఒక్క చేత్తో పెట్టి చూసుకో.

పెట్టెలో వచ్చే వాడకం కాగితం ఆమెకి పనికిరాదు. అందులో ఉన్నదంతా నీ గొంతుతో రికార్డు చేసి ఫోన్‌కి పంపు. ఎవర్నీ చదివిపెట్టమనకుండా రాత్రి పడుకునేముందు కూడా వింటుంది. శుభాకాంక్షలు కూడా అందులోనే చెప్పు. ముందు మూత ఎలా తెరవాలో, చుక్కల వరుస ఏమిటో, తర్వాత కీ సంగతి. చుట్టిన కాగితం మీద టేపు అంటించకు, మెత్తని రిబ్బను ముడి వెయ్యి. పెట్టె చేతికిచ్చాక నువ్వు ఆమె వేలు పట్టుకుని డయల్ మీద పెట్టకు. ముడి విప్పి, మూత కనిపెట్టి, మొదటి టైము తనే చెప్పేదాకా పక్కన కూర్చో. ఏమైనా అడిగితే చెప్పు.

రికార్డు చివర్లో లోపలున్న బ్యాటరీ నంబరు నెమ్మదిగా రెండుసార్లు చదువు. ఏడాదో రెండేళ్ళో పోయాక అది ఆగిపోయినప్పుడు, కొట్లో ఆ నంబరు చెప్పి తనే వేయించుకుంటుంది.

మీ పెద్దమ్మ