చెప్పులు సంచిలో పెట్టుకోకు

ఒరేయ్ కిరణ్,

శనివారం పొద్దున అమ్మాయి వాళ్ళ ఇంట్లోవాళ్ళతో కలిసి సింహాచలం వెళ్తున్నావని మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. వినగానే నవ్వొచ్చింది, తర్వాత కాసేపు కళ్ళు తడయ్యాయి, ఆ తర్వాత టెన్షన్ పట్టుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చినా గుడి గడప తొక్కనివాడివి, మొదటిసారే కాబోయే అత్తవారితో అప్పన్న దగ్గరికా! నేను విశాఖలో ఉంటే నీ వెనకే వచ్చేదాన్ని. మా అమ్మాయి పురుడు కోసం ఇక్కడ హైదరాబాదులో ఇరుక్కుపోయాను. ఫోన్లో చెబితే నువ్వు ఊఁ ఊఁ అంటూ లాప్‌టాప్ చూసుకుంటావు. అందుకే రాస్తున్నా, ఓపికగా చదువు.

బట్టల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. షార్టు వద్దు, చిరిగిన జీన్సు అసలే వద్దు. పంచె కట్టడం రాదు కాబట్టి పైజామా, చొక్కా వేసుకో. టికెట్టు కొని ఏదైనా సేవకి కూర్చుంటే పంచె అడుగుతారు, నువ్వు వెళ్తున్నది మామూలు దర్శనానికేగా. తోలు బెల్టూ తోలు పర్సూ మాత్రం కారులోనే వదిలెయ్యి. ఎవరూ తనిఖీ చెయ్యకపోవచ్చు, కానీ ఆ అమ్మాయి అమ్మమ్మ చూస్తుంది. ఆవిడ చూసేది దేవుడికన్నా ముందు నిన్నే.

వీలైనంత పొద్దున్నే వెళ్ళండి. మధ్యాహ్నం రాజభోగం వేళకి దర్శనం కాసేపు ఆపుతారు, అప్పుడు లైన్లో ఉన్నవాళ్ళు ఉన్నచోటే నిలబడిపోతారు. పైగా అప్పన్న గుడి పడమర ముఖంగా ఉంటుంది, మధ్యాహ్నం దాటితే ఎండంతా ఆ ముందు వైపే. ఆ ఎండ సంగతి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఇప్పుడు చెప్పుల సంగతి. ఇది మాత్రం మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

నాకప్పుడు పదిహేనేళ్ళు, మీ నాన్నకి ఎనిమిది. వేసవి సెలవులు. మీ నాన్నమ్మకి కాలు బెణికి, మొక్కు తీర్చమని మా ఇద్దరినీ పక్కింటివాళ్ళతో పంపింది. కొండ కింద తొలిపావంచా దగ్గర మొక్కుకుని మెట్లెక్కాం. మీ నాన్న కాళ్ళకి కొత్త చెప్పులు, అంతకుముందు వారమే కొన్నారు. పైకి వెళ్ళేసరికి పదకొండు దాటింది. బయట వందల జతలు గుట్టగా పడున్నాయి. వాటిలో పెడితే ఆ చెప్పులు మళ్ళీ కనిపించవని నాకు భయం. మీ నాన్నేమో "ఇక్కడే పెడదాం అక్కా, తిరిగొచ్చి వెతుక్కుందాం" అన్నాడు. నేను వినలేదు. మహా తెలివైనదాన్నిగా, ఆ చెప్పులు తువ్వాలులో చుట్టి, కొబ్బరికాయ ఉన్న సంచిలోనే కింద పెట్టాను. పూలు పైన పెట్టి కప్పేశాను.

లైన్లో సగం దూరం వెళ్ళాక సంచి పట్టుకోమని వాడికిచ్చాను. వాడు దాన్ని నేల మీద పెట్టి లాగుతుంటే తువ్వాలు విడిపోయి చెప్పు కొస బయటికొచ్చింది. వెనకున్న ఒకాయన చూశాడు. "చెప్పులతో లోపలికి వస్తార్రా?" అని అరిచాడు. అందరూ మావైపు తిరిగారు. కొబ్బరికాయ పక్కనే చెప్పులు! ఎవరివి, ఎవరు పెట్టారు అని అడిగారు.

నేను వాడివైపు చూపించాను.

అంతే, ఇంకో మాట అనలేదు. చెప్పులు వాడివే కాబట్టి అబద్ధమూ కాదు, చూడు. ఆయన వాణ్ణి చెయ్యి పట్టుకుని పక్కకి తప్పించి బయటికి పంపేశాడు. నన్ను వెనకున్నవాళ్ళు ముందుకు నెట్టారు. ఒకసారి ఇనుప కమ్మీల మధ్యకి వెళ్ళాక వెనక్కి రావడం ఎంత కష్టమో శనివారం నీకే తెలుస్తుంది. నేను లోపలికి వెళ్ళి, అప్పన్నని చూసి, బయటికి వచ్చేసరికి గంట పైనే అయింది. వాడు సంచి చంకలో పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం రాతి పలకల మీద ఒక కాలు మార్చి ఒక కాలు వేస్తూ నిలబడున్నాడు. చెప్పులు సంచిలోనే ఉన్నాయి. వేసుకోవచ్చు కదరా అంటే, "మళ్ళీ తిడతారేమోనని వేసుకోలేదు" అన్నాడు. నీడకి వెళ్ళొచ్చు కదరా అంటే, "నువ్వొచ్చి వెతుక్కుంటావని" అన్నాడు. రెండు అరికాళ్ళూ బొబ్బలు. కొండ దిగేటప్పుడు మెట్ల మీద పక్కింటాయన వాణ్ణి భుజం మీద ఎక్కించుకున్నాడు. ఇంట్లో ఏమైందని అడిగితే ఆడుకుంటుంటే కాలిందని చెప్పాడు. నా పేరు ఎత్తలేదు.

అందుకే నాస్తికుడయ్యాడని నేననను. వాడు చదివిన పుస్తకాలు వాడివి, చేసిన వాదనలు వాడివి. వాటిని ఒక జత చెప్పులకి ముడిపెడితే వాడే నవ్వుతాడు. కానీ ఆ తర్వాత వాడు ఆ కొండెక్కలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు, ఎత్తుదామనుకునేసరికి వాడు లేడు.

కాబట్టి నాన్నా, చెప్పులు కారులోనే విప్పెయ్యి. కాదంటే చెప్పుల స్టాండులో ఇచ్చి టోకెన్ తీసుకో. పూలకొట్టు దగ్గర "ఇక్కడ ఎట్టండి బాబూ, సూసుకుంటాం" అంటారు, పెడితే వాళ్ళ దగ్గర కొబ్బరికాయ కొనాలి, అది తెలిసే పెట్టు. పోతాయని భయమైతే పాత చెప్పులు వేసుకెళ్ళు. సంచిలో మాత్రం వద్దు, పోయినా పర్వాలేదు. ఎండెక్కితే నడిచే దారిలో పట్టాలు పరిచిన చోటా నీళ్ళు చల్లిన చోటా కాలు వెయ్యి, రాతి మీద ఆగి నిలబడకు. తడి నేల మీద సాక్సు జారుతుంది, అదీ వద్దు. అమ్మమ్మగారి చెప్పులు నువ్వే తీసి స్టాండులో పెట్టు, ఆవిడ వంగలేదు.

ఫోన్ సంగతి కూడా దీనికి ముడిపడిందే. గుడి లోపల ఫోటోలు తియ్యకూడదు. ఫోన్ కౌంటర్లో ఇచ్చేస్తారు కదా, అందుకని ఇచ్చే ముందే అందరూ కలుసుకునే చోటు ఒకటి అనుకోండి. "ప్రసాదం కౌంటరు పక్కన, ఎవరు ముందొస్తే వాళ్ళు నీడలో ఆగాలి" అని నోటితో చెప్పుకోండి. నీడలో అన్న మాట మర్చిపోకు. ఫోటోలు కావాలంటే బయటికొచ్చాక తీసుకోండి. మొక్కు తీర్చుకుని గుండు చేయించుకున్న పిల్లలు ఏడుస్తుంటారు, ముచ్చటగా ఉందని వాళ్ళని తియ్యకు. వాళ్ళ మొక్కు నీ స్టేటస్‌కి కాదు.

లైన్లోకి వెళ్ళే ముందే బాత్రూముకి వెళ్ళిరండి. ఉచిత దర్శనం లైను వేరు, టికెట్టు లైన్లు వేరు, పెద్దావిడ ఉంది కాబట్టి టికెట్టు కొనడమే మంచిది. "తొందరగా పంపిస్తా బాబూ" అని పక్కన చేరేవాడికి రూపాయి ఇవ్వకు. లైన్లో ఉన్నంతసేపూ ఆ అమ్మమ్మ చెయ్యి నీ చేతిలో ఉండాలి.

కొబ్బరికాయ పీచు తీసినదే కొను, పైన పిలక ఉండనివ్వు. కొట్టే చోటు వేరుగా ఉంటుంది, అడిగి అక్కడే కొట్టు. పూలు కొంటే వాసన చూడకు, దేవుడికి ఇచ్చేదాన్ని ముందు మనం అనుభవించకూడదని మనవాళ్ళ లెక్క. హుండీలో ఎంత వేస్తావో నీ ఇష్టం, హారతి పళ్ళెంలో వెయ్యాలని నియమమేమీ లేదు. పది రూపాయల నోట్లు కొన్ని జేబులో పెట్టుకో, చాలు.

ముఖమండపంలో కప్పస్తంభం ఉంటుంది, జనం దాన్ని కౌగిలించుకుని కోరిక కోరుకుంటారు. అమ్మాయి వాళ్ళు చేయమంటే చెయ్యి, సిగ్గుపడకు.

లోపలికి వెళ్ళాక నువ్వు కంగారు పడేది ఒకటుంది. వరాహ ముఖం, సింహం తోక అని వినుంటావు, ఎదురుగా చూస్తే అదేమీ కనిపించదు. గంధం ముద్ద, అంతే. దాదాపు శివలింగంలా ఉంటుంది. అక్కడ నిలబడి "విగ్రహం ఏది?" అని గట్టిగా అడిగేవు! ఏడాదంతా స్వామి గంధం పూతలోనే ఉంటాడు. అక్షయ తృతీయ నాడు, చందనోత్సవానికి, ఆ పూత తీసి ఒక్కరోజు నిజరూపం చూపిస్తారు, మళ్ళీ కప్పేస్తారు. ఆ రోజొకటి, వైశాఖం, జ్యేష్ఠం, ఆషాఢం పున్నములు మూడూ కలిపి నాలుగు విడతలు, విడతకి మూడు మణుగుల చొప్పున గంధం పూస్తారు. మొత్తం పన్నెండు మణుగులు, అంటే సుమారు 500 కిలోలు. చందనోత్సవం నాడు రద్దీకి మాత్రం వెళ్ళకు, మొదటిసారి అసలే వద్దు.

గర్భగుడి ఎదురుగా నిలిచే టైము రెండు మూడు క్షణాలే, "జరగండి జరగండి" అంటూనే ఉంటారు. అందరూ చేసే పొరపాటు, సరిగ్గా అప్పుడే కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టడం. గంట నిలబడి వెళ్ళి కళ్ళు మూసుకుంటే ఏం చూసినట్టు? కళ్ళు తెరిచి చూడు, దణ్ణం బయటికొచ్చాక పెట్టు. తీర్థం కుడి అరచేతిలో పట్టుకో, కింద ఎడమచెయ్యి ఆన్చు, చప్పుడు చెయ్యకుండా తాగు. తర్వాత శఠారి తెస్తారు, వెండి గంటలా ఉంటుంది. చెయ్యి చాపకు, తల వంచు. మా పెళ్ళిలో మీ నాన్న స్నేహితుడొకడు దాన్ని రెండు చేతుల్తో అందుకోబోయి పరువు తీశాడు.

తిరిగొచ్చేటప్పుడు గుడి గోడల మీదా స్తంభాల మీదా శాసనాలు చూడు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఒకసారి, 1519లో ఒకసారి వచ్చి శాసనాలు వేయించాడు. మీ నాన్న గుడికి రాకపోయినా ఆ రాతల గురించి ఎక్కడెక్కడివో పుస్తకాలు తెచ్చి చదివేవాడు. ఎన్నోసార్లు అడిగాడు నన్ను, "అక్కా, నువ్వు చూశావు కదా, అక్షరాలు ఎలా ఉంటాయి?" అని. నేను ఎప్పుడూ సరిగ్గా చూడలేదురా.

ప్రసాదం పులిహోర అక్కడే తినెయ్యండి, ఎండకి పాడవుతుంది. లడ్డూలు రెండు ఎక్కువ తీసుకో. ఒకటి నాకు, రెండోది మీ నాన్న వాటా. గుడికి రాను రాను అంటూనే ఎవరు లడ్డూ తెచ్చినా సగం వాడే తినేవాడు. ఆ వాటా నువ్వు తిను.

ఇంటికి చేరగానే ఫోన్ చెయ్యి. దర్శనం ఎలా జరిగిందో తర్వాత చెబుదువుగాని, ముందు కాళ్ళు ఎలా ఉన్నాయో చెప్పు.

మీ అత్త