కొచ్చిలో ఉన్న మేనల్లుడికి, ఓణం ముందు

చిరంజీవి సుధీర్‌కు, మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోనులో చెప్పింది, నువ్వు మీ ఆఫీసులోని పెద్దావిడకు మలయాళంలోనే ఓణం శుభాకాంక్షలు చెబుతావట కదా. ముచ్చటేసింది. వెంటనే భయమూ వేసింది. నీ నోటి దూకుడు నాకు తెలుసు కదరా.

చెప్పాల్సింది ఒక్క మాట: ఓణాశంసకళ్. తిరువోణం నాడే చెబితే తిరువోణాశంసకళ్. మన శ్రవణా నక్షత్రమే వాళ్ళకు తిరువోణం. చింగమాసంలో అది వచ్చిన రోజే అసలు పండగ.

ఇంగ్లీషు అక్షరాల్లో చూసి మాత్రం నేర్చుకోకు. అందులో ‘ణ’ లేదు, ‘ళ’ లేదు. అందుకే మనవాళ్ళు ‘ఓనం’ అంటారు, ‘కల్’ అంటారు. తెలుగులో రెండూ ఉన్నాయి, నీకు సాకు లేదు. మనకున్న జబ్బు వేరే: హల్లుతో ఆగలేం, ‘కళు’ అని సాగదీస్తాం. ‘ళ్’ దగ్గర టక్కున ఆగు. ఫోనులో పంపితే మలయాళం లిపిలోనే పంపు. ఆ చివరి ‘ళ్’కు వాళ్ళకు విడిగా అక్షరం ఉంది, చిల్లు అంటారు.

కాస్త నిండుగా చెప్పాలనుకుంటే: చేచ్చిక్కుం కుటుంబత్తినుం హృదయం నిఱఞ్ఞ ఓణాశంసకళ్. అక్కకూ కుటుంబానికీ మనసారా అని. ఆ ‘నిఱఞ్ఞ’ దగ్గరే అందరూ పడతారు. తెరమీద niranja అని కనబడుతుంది, మనం ‘నిరంజ’ అని చదివేస్తాం. అక్కడ ‘జ’ లేనే లేదు. ‘న్య’ను ముక్కులోంచి ఒత్తి పలికినట్టు పలుకు. మిగతావాళ్ళు ఆవిణ్ణి చేచ్చి అని పిలుస్తుంటేనే నువ్వూ అలా అను. మేడం అంటుంటే నీకూ మేడమే, అప్పుడు ఉత్త ‘ఓణాశంసకళ్’ చాలు. మగవాళ్ళకైతే చేట్టనుం కుటుంబత్తినుం.

ఇక అసలు సంగతి. తాతయ్య నీకు వామనావతారం పద్యాలు కంఠతా పట్టించాడు, చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో నిన్ను బల్లెక్కించి పాడించేవాళ్ళు. ఆ పద్యాలే నాకు భయం.

నేను త్రిశ్శూర్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో మా సెక్షనులో గుంటూరువాడొకడు ఉండేవాడు. మంచివాడే, చదువుకున్నవాడు. ఆఫీసులో పూక్కళం వేశారు, అదే, పూల ముగ్గు. వీడు పొద్దున్నే వచ్చి, బలి నెత్తిన వామనుడు పాదం పెట్టిన బొమ్మ ఒకటి నోటీసు బోర్డుకు అంటించి, కింద వామన జయంతి శుభాకాంక్షలని రాశాడు. మనకు అది విష్ణువు కథ. వాళ్ళకు ఓణం మావేలి, అంటే ఆ బలి చక్రవర్తే, ఇంటికొచ్చే రోజు. పాతాళానికి తొక్కేసిన తమ రాజు ఏడాదికోసారి జనాన్ని చూసుకోవడానికి వస్తాడని ముంగిట పూలు పరుస్తారు. ఆయన తలమీద కాలున్న బొమ్మను ఆ పూల పక్కన పెడితే ఎలా ఉంటుంది?

ఎవరూ గొడవ చెయ్యలేదు. మా హెడ్ క్లర్కు, ఆయన క్రైస్తవుడు, వచ్చి మెల్లగా, “మేం ఎదురుచూసేది మావేలి కోసం” అన్నాడు. అక్కడితో బొమ్మ తీసేస్తే అయిపోయేది. వీడు పురాణం విప్పాడు. పైగా, మీ మతం కాని పండగ మీకెందుకని ఆయన్నే అడిగాడు! కేరళలో ఓణం హిందువులకూ క్రైస్తవులకూ ముస్లింలకూ ఇంటి పండగ. ఆ ఏడు సద్యలో, అదే ఓణం విందులో, వీడి పక్క ఆకు ముందు ఎవరూ కూర్చోలేదు, నేను తప్ప. నాకైనా ఊరివాడన్న మొహమాటమే.

అలాగని వామనుడంటే వాళ్ళకు పడదనుకోకు. మీ ఆఫీసుకు దగ్గర్లోనే తృక్కాక్కరలో వామనమూర్తి గుడి ఉంది, పూక్కళం మధ్యలో తృక్కాక్కరప్పన్ అని మట్టిబొమ్మ పెట్టేవాళ్ళూ ఉన్నారు. అది వాళ్ళలో వాళ్ళ లెక్క. నువ్వు శుభాకాంక్ష చెప్పి ఊరుకో. ఎవరైనా మావేలి కథ చెబితే విను, “మా పద్యంలో అలా కాదండీ” అన్నావంటే నీ చెవి మెలిపెడతాను. ఎంత దూరమైనా వచ్చి.

తిరువోణం ముందురోజు ఉత్రాడం. ఆ సాయంత్రం ఊరంతా అంగళ్ళ మీద పడుతుంది, ఆ హడావుడికి ఉత్రాడప్పాచ్చిల్ అని పేరే ఉంది. అప్పుడు ఫోను చేసి ఆవిణ్ణి ఆపకు. ఆఫీసులో ఓణాఘోషం జరిగే రోజు ఎదురుగా చెప్పు, లేదా తిరువోణం పొద్దున సందేశం పెట్టు. ఆవిడ నవ్వి “తిరిచ్చుం” అంటుంది, నీకూ అలాగేనని. తల ఊపితే చాలు.

పంచె నీకు నిలవదు. కసవు ముండు, అదే వాళ్ళ జరీ అంచు పంచె, కడితే లోపల బెల్టు పెట్టుకో నాయనా, మొన్న పెళ్ళిలో చూశాం.

ఆ ‘నిఱఞ్ఞ’ ఒకసారి ఫోనులో నాకు పలికి వినిపించు. ఎనిమిది దాటాక చెయ్యి, అంతకుముందు చెవి మిషన్ పెట్టుకోను.

మీ మామయ్య