మిల్లర్-రాబిన్ పరీక్షకు సంయుక్త సంఖ్య ఎలా దొరికిపోతుంది? 561తో చూద్దాం

ప్రశ్న: మిల్లర్-రాబిన్ కోడ్ రాశాను, పనిచేస్తోంది. కానీ ఏదో ఒక a తీసుకుంటే చాలు, సంయుక్త సంఖ్య దాదాపు ఎప్పుడూ ఎందుకు పట్టుబడుతుందో అర్థం కాలేదు. ఒక రౌండులో తప్పించుకునే అవకాశం నాలుగో వంతు మించదంటారు, అది ఎక్కడిది? అసలు సాక్షి అంటే ఏమిటి?

జవాబు:

నేను క్రిప్టోగ్రఫీ కోడ్ రివ్యూ చేసే ఉద్యోగంలో ఉన్నాను. టీములో కొత్తగా చేరినవాళ్లు తరచూ ఇదే అడుగుతారు. రుజువు మొత్తం చూపిస్తే ఒప్పుకుంటారు గానీ మనసుకు ఎక్కదు. 561ని బోర్డు మీద విప్పి చూపిస్తే ఎక్కుతుంది. మీకూ అదే చూపిస్తాను.

ముందు సాక్షి సంగతి. n ప్రధాన సంఖ్య అయితే ప్రతి a దగ్గరా తప్పకుండా జరగాల్సిన విషయాలు కొన్ని ఉంటాయి. ఏదో ఒక a దగ్గర అది జరగలేదంటే n సంయుక్త సంఖ్య అని తేలిపోయినట్టే. ఆ a సాక్షి. కారణాంకాలు ఏవో అది చెప్పకపోవచ్చు, కానీ దాని సాక్ష్యంలో సందేహానికి తావు లేదు. సాక్షి దొరకకపోతే మాత్రం n ప్రధానమని రుజువైనట్టు కాదు.

పాత ఫెర్మా పరీక్ష ఒకటే అడుగుతుంది: a^(n-1)ని n తో భాగిస్తే శేషం 1 వస్తుందా? 561 = 3 × 11 × 17. ఇది కార్మైకేల్ సంఖ్యల్లో అన్నిటికన్నా చిన్నది. 561తో ఉమ్మడి కారణాంకం లేని 320 సంఖ్యల్లో ఏది తీసుకున్నా శేషం 1 వస్తుంది. అంటే ఫెర్మా పరీక్షకు ఆ 320లో ఒక్క సాక్షీ లేదు. ఇలాంటి సంఖ్యకు కారణాంకాలు పెద్దవైతే, ఎన్ని రౌండ్లు నడిపినా ఆ పరీక్ష వల్ల ఉపయోగం ఉండదు.

మిల్లర్-రాబిన్ ఆ 1 దాకా వచ్చిన దారిని కూడా చూస్తుంది. ప్రధాన సంఖ్య మాడ్యులోలో x² = 1 అయితే x అనేది 1 గానీ -1 గానీ కావాలి, మూడో దారి లేదు. 560 = 2⁴ × 35 కాబట్టి 2^35తో మొదలుపెట్టి వర్గం చేసుకుంటూ పోదాం. శేషాలు ఇలా వస్తాయి: 263, 166, 67, 1. చివర 1 వచ్చింది, కానీ దాని ముందున్నది 67. అది 1 కాదు, -1 (అంటే 560) కూడా కాదు. కాబట్టి 561 ప్రధానం కాదు, 2 దానికి సాక్షి. పైగా 67² - 1 = 66 × 68ని 561 భాగిస్తుంది కాబట్టి 66కీ 561కీ గ.సా.భా. తీస్తే 33 బయటపడుతుంది. కారణాంకం కూడా దొరికిపోయింది.

ఆ 67 ఎలా వచ్చిందన్నదే మీ ప్రశ్నకు అసలు జవాబు. 561 మాడ్యులోలో మనకు కనబడేది ఒకే వరుస అయినా, లోపల 3, 11, 17 మాడ్యులోల్లో మూడు వరుసలు విడివిడిగా నడుస్తున్నాయి. మాడ్యులో 3లో 2^35 అంటే -1. మాడ్యులో 11లోనూ -1. మాడ్యులో 17లో మాత్రం 8. రెండుసార్లు వర్గం చేశాక గానీ అక్కడ -1 రాదు, ఆలోపు మొదటి రెండు వరుసలూ 1కి వెళ్లిపోయాయి. ఆ క్షణంలో మూడు శేషాలు 1, 1, -1. ఆ మూడూ కలిపితే వచ్చేదే 67.

ఒక సంయుక్త సంఖ్య రౌండు దాటాలంటే దాని ప్రధాన కారణాంకాలన్నీ ఒకే మెట్టు మీద -1కి చేరాలి, లేదా అన్నీ మొదటి నుంచీ 1గా ఉండాలి. ఒక్కటి ముందో వెనకో అయితే దొరికిపోతుంది. ఆ కారణాంకాలకు ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. యాదృచ్ఛికంగా తీసుకున్న a కి అవన్నీ ఇలా కలిసిరావడం అరుదు.

561కి లెక్క కచ్చితంగా వేయొచ్చు. 3, 11ల వైపు a^35 ఎప్పుడూ 1 లేదా -1 అవుతుంది. అవి మొదటి మెట్టులోనే ఆ స్థితిలో ఉంటాయి కాబట్టి 17 వైపు కూడా అప్పుడే అలా ఉండాలి. అలా కావాలంటే a, మాడ్యులో 17లో 1 గానీ -1 గానీ అవ్వాలి: 16లో 2 అవకాశాలు. దానితో గుర్తు కలవడానికి 3 వైపు ఒక్కటే అవకాశం, 11 వైపు 5. మొత్తం 2 × 1 × 5 = 10. నమ్మకం కోసం నడిపి చూడండి:

```python
n, d, s = 561, 35, 4

def survives(a):
    x = pow(a, d, n)
    if x in (1, n - 1):
        return True
    for _ in range(s - 1):
        x = x * x % n
        if x == n - 1:
            return True
    return False

print([a for a in range(1, n) if survives(a)])
```

వచ్చేవి 1, 50, 101, 103, 256, 305, 458, 460, 511, 560. ఫెర్మా దగ్గర 320 ఉంటే ఇక్కడ పదే.

ఇక నాలుగో వంతు. n కి మూడు వేర్వేరు ప్రధాన కారణాంకాలు ఉంటే, మొదటిదాని గుర్తుతో రెండోది కలవడం సగం, మూడోది కలవడం ఇంకో సగం, మొత్తం నాలుగో వంతు మించదు. రెండే ఉంటే గుర్తుల వల్ల సగమే పోతుంది. కానీ రెండే కారణాంకాలున్న సంఖ్య కార్మైకేల్ సంఖ్య కాలేదు, కనీసం మూడు కావాలి. అందుకని ఫెర్మా షరతు దగ్గరే కనీసం సగం a లు రాలిపోతాయి. మళ్లీ సగంలో సగం. 91 = 7 × 13 సరిగ్గా ఈ హద్దు మీద నిలుస్తుంది: 91తో ఉమ్మడి కారణాంకం లేని 72లో 18 దాన్ని దాటిస్తాయి. p² లాంటి ఘాతాల్లో 9 ఒక్కటే హద్దును తాకుతుంది, 1 నుంచి 8 దాకా ఉన్న 8 సంఖ్యల్లో 2.

రివ్యూల్లో నాకు తరచూ ఎదురయ్యే అపార్థం ఒకటుంది. 20 రౌండ్లు దాటిందంటే n సంయుక్తమయ్యే అవకాశం 4^20లో ఒకటి అని కామెంటులో రాస్తారు. రుజువైనది అది కాదు. n సంయుక్తమైతే 20 రౌండ్లూ దాటే అవకాశం అంతకు మించదు, అంటే సుమారు లక్ష కోట్లలో ఒకటి. ఈ రెండూ వేరు. 1024 బిట్ల బేసి సంఖ్యల్లో సుమారు 355కి ఒకటే ప్రధానం. ఒక్క రౌండుకు నాలుగో వంతు హద్దునే నమ్ముకుంటే, ఒక నిజమైన ప్రధాన సంఖ్యకు 88 సంయుక్త సంఖ్యలు దాటిపోవచ్చు. వాస్తవంలో అలా జరగదు, ఎందుకంటే 91లా హద్దు మీద నిలిచేవి చాలా అరుదు. యాదృచ్ఛికంగా తీసుకున్న పెద్ద సంఖ్యలకు ఈ హద్దు ఎంతో చిన్నదని డామ్‌గార్డ్, లాండ్‌రాక్, పామరెన్స్ 1993లో రుజువు చేశారు.

ఈ హామీ అంతా a ని యాదృచ్ఛికంగా ఎంచడం మీదే నిలబడి ఉంది. కోడులో 2, 3, 5, 7 అని స్థిరంగా రాసేస్తే, ఆ జాబితాను చూసి n ని తయారు చేసేవాళ్లు ఉంటారు. 3215031751 ఆ నాలుగింటినీ దాటుతుంది, కానీ అది 151 × 751 × 28351. 1995లో ఆర్నో 307 కన్నా చిన్న ప్రధానాలన్నిటినీ దాటే 397 అంకెల సంయుక్త సంఖ్యను నిర్మించాడు. అందుకే ఎదుటివాళ్లు పంపిన n ని స్థిరమైన జాబితాతో పరీక్షించే కోడ్‌ను నేను వెనక్కి పంపిస్తాను. 64 బిట్ల లోపు సంఖ్యలకు మాత్రం 2 నుంచి 37 దాకా ఉన్న 12 ప్రధానాలు చాలు. అక్కడ ఏ సంయుక్త సంఖ్యా తప్పించుకోదని సరిచూసేశారు, కాబట్టి యాదృచ్ఛికంగా ఎంచాల్సిన పని లేదు.