కూపీ లాగడం "కదా?" దగ్గర మొదలవుతుంది

ప్రశ్న: ఏడాదిగా టారో కార్డులు చూసి చెప్పడం నేర్చుకుంటున్నాను. తెలిసినవాళ్లకి చెబితే "భలే చెప్పావు" అంటున్నారు. కానీ నాకు నిజంగా ఏదో తడుతోందా, లేక వాళ్ల మొహాలు చూసి అల్లేస్తున్నానా అన్నది నాకే అర్థం కావడం లేదు. అలా మొహం, మాట పట్టుకుని అల్లే కోల్డ్ రీడింగ్‌కీ, నిజమైన ఇంట్యూషన్‌కీ తేడా ఎలా పట్టుకోవాలి? క్లయింట్ దగ్గర కూపీ లాగకుండా చెప్పడం ఎలా?

జవాబు:

మా మేనమామ దగ్గర చేతులు చూడటం నేర్చుకున్నాను. హైదరాబాద్ వచ్చాక టారో పట్టుకున్నాను. అన్నీ కలిపి పదహారేళ్లు. ఆ పదహారేళ్లలో ఎవరినైనా మోసం చేస్తున్నానని ఒక్కరోజు కూడా అనిపించలేదు. చిక్కంతా అక్కడే ఉంది. కోల్డ్ రీడింగ్ అనగానే కావాలని బుట్టలో వేసేవాడు గుర్తొస్తాడు మనకి. అలాంటివాడికి తను చేస్తున్నదేమిటో తెలుసు. మీలాగా నాలాగా నమ్మి కూర్చున్నవాళ్లకే తెలియదు.

నాకు తెలిసింది ఒక రికార్డింగ్ వల్ల. ఒక పెద్దావిడ కూతుర్ని తీసుకొచ్చింది, పెళ్లి సంబంధం గురించి. మళ్లీ వింటామని ఫోన్‌లో రికార్డు చేసుకుని, నాకూ పంపారు. అందులో మొదటి రెండు నిమిషాలు ఇలా ఉన్నాయి:

"ఇంట్లో ఒక పెద్దాయన... నాన్నగారి వైపు... ఉన్నారు కదా?" అన్నాను.

"మా మావగారా బాబూ?"

"ఆయనే. ఆయన ఈమధ్యే..." అని ఆగాను.

"ఆ, పోయి రెండేళ్లయింది."

"అదే. ఆయనకి ఈ పిల్లంటే ప్రాణం కదమ్మా."

"అయ్యో, ఎలా చెప్పారు బాబూ! ఒళ్లో కూర్చోబెట్టుకునే అన్నం పెట్టేవారు."

ఇందులో నేను చెప్పినదేమిటి? నాన్న వైపు ఒక పెద్దాయన ఉన్నాడన్న ఒక్క ముక్క. అది లేని ఇల్లేది? మావగారు అన్నది ఆవిడ. పోయారన్నదీ ఆవిడే, రెండేళ్లన్నదీ ఆవిడే. నా "ఈమధ్యే" సగంలో ఆగింది కాబట్టి దాన్ని ఆవిడ తనకి తెలిసినదానితో పూరించింది. ఆయన బతికే ఉండి ఆపరేషన్ అయి ఉంటే, అదీ అందులోనే ఇమిడేది. మనవరాలంటే తాతకి ప్రాణమని చెప్పడానికి టారో అక్కర్లేదు. ఇంతా చేసి, వారం తర్వాత ఆవిడ పంపిన ఇంకొకావిడ వచ్చి ఏమందంటే: "వాళ్ల మావగారు రెండేళ్ల కిందట పోయారని మీరే చెప్పారటగా!" ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఎవరు ఏం అన్నారన్నది జ్ఞాపకంలో తారుమారైంది, అంతే. మిమ్మల్ని మెచ్చుకుంటున్నవాళ్ల మాటనీ ఇదే లెక్కలో వేసుకోండి.

ఆ నలభై నిమిషాల రికార్డింగ్ కాగితం పెట్టుకుని విన్నాను. "కదా", "అవునా", "ఏమో", సగంలో ఆపిన వాక్యం, వీటికొక్కొక్క గీత పెట్టుకుంటూ పోతే అరవై దాటాయి. తెలుగులో ఇది మరీ సులువు. ఎంత అడుగుతున్నా చెబుతున్నట్టే వినిపిస్తుంది. "మీకు అన్నయ్య లేరు కదా" తీసుకోండి. "లేరు" అంటే "అదే చెబుతున్నా" అనొచ్చు. "ఉన్నాడండీ" అంటే "ఉన్నారు, అందుకే అడిగాను, ఉన్నా లేనట్టే కదా" అనొచ్చు. ఎటు తిరిగినా నేనే గెలుస్తాను. పేరులో మొదటి అక్షరం పట్టుకోవడం కూడా ఇంతే. "వ అక్షరంతో ఎవరో ఉన్నారు" అంటే వెంకట అన్నది ఏ మూలా తగలని తెలుగిల్లు నాకింకా తారసపడలేదు.

నమ్మి చేసేవాడు కూడా కూపీ లాగగలడనడానికి బెర్లిన్ గుర్రాన్ని మించిన ఉదాహరణ లేదు. హాన్స్ అనే ఆ గుర్రం లెక్కలకి డెక్కతో తట్టి జవాబు చెప్పేది. యజమాని ఫాన్ ఓస్టెన్ మోసగాడు కాడు, డబ్బు కూడా తీసుకునేవాడు కాదు. 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే ఆయన పరీక్ష పెట్టి చూశాడు. అడిగేవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు. అడిగేవాడు కనబడకపోతే గుర్రం తడబడేది. సరైన అంకె దగ్గరికి వచ్చేసరికి అడిగేవాడి తల అతి కొద్దిగా కదిలేది, గుర్రం ఆగిపోయేది. ఈ సంగతి తెలిశాక కూడా ఫుంగ్‌స్ట్ తన తల కదలకుండా ఆపుకోలేకపోయాడు. మీ ఎదురుగా కూర్చున్న మనిషి కూడా ఆపుకోలేడు. మనం గుర్రాలం, అంత తెలివైనవాళ్లమని అనుకుంటున్నాం.

మరి స్ఫురణ అన్నది లేనే లేదా? ఉంది, కానీ మనం వెతికేచోట కాదు. మా పెదనాన్న గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి దగ్గర గుమస్తా. టిక్కీ అనే మిర్చి బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించేవాడు. ఎండిన కాయలో గింజ గలగలమంటుంది, తేమ ఉన్నది మూగగా ఉంటుంది. కానీ ఆయన చాలాసార్లు ఆడించకముందే "ఈ లాటు వద్దు" అనేసేవాడు. ఎందుకంటే చెప్పలేకపోయేవాడు. తేమ సరుకు నిలవ పెడితే రంగు మారుతుంది, బూజు పడుతుంది, కాబట్టి తను అన్నది తప్పో ఒప్పో ఆ సీజన్‌లోనే తెలిసిపోయేది. తప్పయితే యజమాని చేత చీవాట్లు. ఆ తప్పొప్పులు ఏళ్ల తరబడి వేలసార్లు పడితే చేతికి తెలివొస్తుంది. డేనియల్ కానమన్, గేరీ క్లైన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఇంట్యూషన్ విషయంలో చెరో ఒడ్డున ఉండేవారు. 2009లో కలిసి రాసిన వ్యాసంలో వాళ్లు ఒప్పుకున్నది కూడా దాదాపు ఇదే. విషయంలో మళ్లీ మళ్లీ ఒకేలా కనిపించే ఆనవాళ్లు ఉండాలి, తప్పొప్పులు మనకి తిరిగొచ్చి తెలియాలి. అప్పుడే తట్టినదాన్ని నమ్మొచ్చు.

మన పనిలో తిరిగొచ్చేదేమిటి? సంబంధం కుదరలేదని చెప్పడానికి ఎవరూ మళ్లీ రారు. వచ్చేది మెచ్చుకునేవాళ్లే. ఎదురుగా ఉన్నంతసేపూ మాత్రం మొహం క్షణక్షణం జవాబిస్తూనే ఉంటుంది: కళ్లు పెద్దవైతే సరైన దారి, పెదవి బిగిస్తే తప్పుదారి. అందువల్ల మనకి ఏళ్ల తరబడి అబ్బే నేర్పు ఒక్కటే, మొహాలు చదవడం. అది నిజమైన నేర్పే, తీసిపారేయను. కార్డు చెప్పిందనడమే అబద్ధం.

అందుకని మిమ్మల్ని మీరు పరీక్షించుకోవాలంటే ఒక్కటే చూడండి. మొహం, మాట తీసేస్తే మీ దగ్గర ఇంకేం మిగులుతుంది? మీకు తట్టింది అలాగే నిలబడితే అది మీది. వాళ్లు "ఊఁ" అన్నకొద్దీ రూపు కట్టేదైతే అది వాళ్లది.

నేను ఇప్పుడు చేసేది చెబుతాను. మనిషి లోపలికి వచ్చాక పేరు తప్ప ఏమీ చెప్పొద్దంటాను, దేని గురించి వచ్చారో కూడా. కార్డులు పరిచి, పక్కకి తిరిగి కూర్చుని, పది నిమిషాలు ఒక చీటీ మీద రాస్తాను. తప్పయ్యే వీలున్న వాక్యాలే రాయాలన్నది నియమం. "మీరు పైకి గట్టిగా ఉంటారు గానీ లోపల సున్నితం" కొట్టేస్తాను, అది అందరికీ సరిపోతుంది. "ఈ ఏడాది ఉద్యోగం మారే ఆలోచన మీకు లేదు" ఉంచుతాను, అది తప్పు కావచ్చు. చాలాసార్లు పది నిమిషాలకి రెండు మూడు వాక్యాలు కూడా రావు. మొదట్లో సిగ్గేసేది.

రాశాక కింద అడ్డంగా గీత గీసి, పైనున్నది పైకి చదువుతాను. ప్రతి వాక్యానికీ ఫుల్‌స్టాప్, "కదా" లేదు. తప్పంటే తప్పని పక్కన రాస్తాను. "ముందుముందు తెలుస్తుంది లెండి", "మీకు తెలియకపోయినా ఇంట్లో అడిగి చూడండి" లాంటివి నిషేధం. వాటితో తప్పయిన ప్రతిదీ ఒప్పైపోతుంది. ఆ తర్వాత మామూలుగా మాట్లాడుకుంటాం. వాళ్లు చెప్పినదీ, దాన్నిబట్టి నేను అన్నదీ గీత కింద పడుతుంది. కంటితో చూసింది కంటితో చూశాననే చెబుతాను. ఉంగరం తీసేసిన చోట వేలి మీద తెల్లటి మచ్చ కనిపిస్తే "ఇది చూసి అడుగుతున్నానండీ, కార్డుతో సంబంధం లేదు" అంటాను. మాట్లాడటం తప్పని అనడం లేదు నేను. నిజానికి జనానికి ఉపయోగపడే భాగం చాలావరకు ఆ కబుర్లే. ఏ మాట ఎవరిదో తేలాలి, అంతే.

ఇంకొక పరీక్ష ఉంది, ధైర్యం ఉంటే చేయండి. రే హైమన్ అనే అమెరికన్ సైకాలజిస్టు కుర్రతనంలో చేతులు చూసేవాడు, నమ్మి మరీ. మనసు చదివే ప్రదర్శనలిచ్చే స్టాన్లీ జాక్స్ అనే మెంటలిస్టు ఆయన్ని రేఖలు చెప్పేదానికి సరిగ్గా తిరగేసి చెప్పి చూడమన్నాడు. చెప్పాడు. జనం ఎప్పట్లాగే అద్భుతమన్నారు. క్లయింట్లకి తెలిసి తెలిసి తప్పు చెప్పడం నాకు నచ్చక ఇంకోలా చేశాను. ఆరుగురు స్నేహితులకి, వాళ్లు ఎదురుగా లేకుండా, చీటీలు రాశాను. పేర్లు తీసేసి, కలిపేసి, ఆరూ ఆరుగురికీ ఇచ్చి "మీది ఏదో పట్టుకోండి" అన్నాను. కళ్లు మూసుకుని ఏరినా సగటున ఒకరికి తనది తగులుతుంది. నాకూ ఒకరికే తగిలింది. పైగా ముగ్గురు ఒకే చీటీ ఎంచుకున్నారు. అది ఒకరి గురించి ఏమీ తట్టక ఊరికే నింపేసిన చీటీ: మనసులో మాట బయటికి చెప్పలేరు, చేసిన మేలు ఎవరూ గుర్తుంచుకోరు, ఆ తరహా. ఆ తర్వాత కార్డు చెబుతుందన్న మాట వాడటం మానేశాను. రేటు కూడా తగ్గించాను, అది వేరే కథ.

వాళ్లంతట వాళ్లే చెప్పేస్తుంటే ఏం చేయాలన్నది మీకు త్వరలోనే ఎదురవుతుంది. మనిషి బాధతో వస్తాడు, గుమ్మంలోనే మొదలుపెడతాడు. ఆపొద్దు, వినండి. చీటీ తీసి ముందు గీత గీసి, అంతా కిందే రాయండి. ఆరోజు పైన ఖాళీయే.

చీటీ వెళ్లేటప్పుడు వాళ్లకే ఇచ్చేస్తాను. పోయిన నెల ఒకాయన తలుపు దగ్గర ఆగి చూసుకున్నాడు. గీత పైన రెండు వాక్యాలు, అందులో ఒకదాని పక్కన తప్పు అని నా చేతిరాతే. కింద పేజీ నిండా ఉంది.

"పైన మీరు చెప్పింది ఇంతేనా?" అన్నాడు.

ఇంతేనండీ అన్నాను.