ఐపీ పెట్టే ముందు రాయాల్సిన లెక్క: రూపాయికి పావలా ఎలా తేలింది

ప్రశ్న: చెన్నైలో మా మామయ్యకు బట్టల హోల్‌సేల్ కొట్టు ఉంది. బాకీలు తీర్చే దారి కనపడక ఐపీ పెడదామని లాయరు దగ్గరికి వెళ్తే, స్టేట్‌మెంట్ ఆఫ్ అఫైర్స్ అనే ఆస్తి అప్పుల లెక్క రాసుకు రమ్మన్నారు. బ్యాలెన్స్ షీట్ ఉంది కదా, అదిస్తే చాలదా? తాకట్టేమీ లేకుండా సరుకిచ్చినవాళ్లకు ఎంత వస్తుందో ఎలా తేల్చాలి? ఇది రాసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు:

నేను రాశానండి. మొదటిసారి తప్పు రాశాను, లాయరు తిప్పి కొడితే మళ్లీ రాశాను. మా బాబాయిది పారిస్ కార్నర్ దగ్గర స్టీలు పాత్రల కొట్టు. నేను అప్పటికి ఒక ఆడిటర్ గారి దగ్గర పద్దులు రాసేవాణ్ణి కాబట్టి ఇంట్లో అందరూ "వాడు చూసుకుంటాడులే" అని నా మీద పెట్టేశారు. అంకెలు కాస్త గుండ్రంగా చేసి చెబుతాను, పద్ధతి మాత్రం అదే.

బ్యాలెన్స్ షీట్ చాలదు. అందులో ఉండేది కొన్న ధర, స్టేట్‌మెంట్‌లో కావలసింది ఇవాళ అమ్మితే చేతికొచ్చే ధర. పైగా బ్యాలెన్స్ షీట్ కొట్టుది మాత్రమే. సొంత వ్యాపారస్థుడికి కొట్టు అప్పు వేరు, ఇంటి అప్పు వేరు అని ఉండదు. ఊరి ప్లాటు, చేబదుళ్లు, ఎవరికో పెట్టిన హామీ సంతకం, అన్నీ ఇందులోకి రావాలి. పిన్ని నగలు రాయలేదు, అవి ఆవిడ స్త్రీధనం. (భర్త డబ్బుతో ఈ మధ్యనే ఆవిడ పేరున కొన్నవైతే కథ వేరు, దాని గురించి లాయరుతో ముందే మాట్లాడండి.)

మా లెక్కలో పుస్తకం ప్రకారం సరుకు 24 లక్షలు. నేను, కొట్లో కుర్రాడు కలిసి రెండు రోజులు కూర్చుని రెండు కుప్పలు చేశాం: నడిచే సరుకు ఒకటి, ఎవరూ అడగని పాత మోడళ్లు ఒకటి. మొదటిదానికి పక్క కొట్టువాళ్లు ఇస్తామన్న ధర, రెండోదానికి తూకానికి వచ్చే ధర వేస్తే మొత్తం 13 లక్షలు తేలింది. బాబాయికి కోపం వచ్చింది, కానీ మీ మామయ్య బట్టలకూ ఇదే గతి, పోయిన సీజన్ డిజైన్లు లాట్‌లోనే పోతాయి. రావలసిన బాకీలు 15 లక్షలు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఎవరు ఈ మధ్య ఎంతో కొంత కట్టారో చూసి విడగొట్టాను. 6 లక్షలు గట్టివి. 5 లక్షలు అనుమానం, అందులో 2 లక్షలు వస్తాయని వేశాను. 4 లక్షలు పోయినట్టే, అందులో చాలావరకు మూడేళ్లు దాటి, రాతలో ఒప్పుకోలు కూడా లేక కాలదోషం పట్టినవి. అంటే 15కి 8. ర్యాకులు, కాటాలు వగైరా 2 లక్షలవి 60 వేలు.

కొట్టు అడ్వాన్స్ దగ్గర చాలామంది తప్పు చేస్తారు. ఇక్కడ పది నెలల అద్దె అడ్వాన్స్ కట్టించుకోవడం మామూలే కదా, బాబాయి 3 లక్షలు కట్టాడు, నెలకు 30 వేలు అద్దె, నాలుగు నెలల బాకీ 1,20,000. అడ్వాన్స్ మొత్తం ఆస్తుల్లో, అద్దె బాకీ అప్పుల్లో అని విడివిడిగా రాయకూడదు. ఇద్దరి మధ్య ఇచ్చిపుచ్చుకోవలసినవి ఒకదానికొకటి చెల్లు వేసి, మిగిలిన 1,80,000 మాత్రమే ఆస్తి.

ఇక నేను చేసిన అసలు తప్పు. బ్యాంకుకు క్యాష్ క్రెడిట్ బాకీ 18 లక్షలు, దానికి హామీ కొట్లో సరుకు మాత్రమే. నేను 13 లక్షల సరుకును ఆస్తుల్లో పెట్టేశాను, బ్యాంకును మొత్తం 18 లక్షలతో మిగతా అప్పులవాళ్ల వరసలో నిలబెట్టాను. అలా వేస్తే రూపాయికి 43 పైసలు వచ్చింది. బాబాయి ఆ అంకె పట్టుకుని ఇద్దరు సప్లయర్లకు చెప్పేశాడు కూడా! లాయరు చూసి "ఆ సరుకు మీదెక్కడిది?" అన్నారు. నిజమే, సరుకు అమ్మితే వచ్చే 13 లక్షలు ముందు బ్యాంకుకే పోతాయి, మిగతావాళ్లకు అందులో పైసా లేదు. తీరకుండా మిగిలిన 5 లక్షలకు మాత్రమే బ్యాంకు కూడా తాకట్టు లేని అప్పులవాళ్లతో పాటు క్యూలో నిలబడుతుంది. అందుకే స్టేట్‌మెంట్‌లో అప్పులకు రెండు కాలమ్‌లు ఉంటాయి, ఒకటి మొత్తం బాకీ, రెండోది వాటాకు వచ్చే బాకీ. బ్యాంకు మొదటి కాలమ్‌లో 18, రెండో కాలమ్‌లో 5.

దీనికి సరిగ్గా తిరగబడ్డ కేసు ప్లాటు. పొన్నేరి వైపు బాబాయికి ఒక ప్లాటు ఉంది, ఇప్పుడు 9 లక్షలు పలుకుతుంది, దాని మీద ఒక ఫైనాన్స్‌వాళ్లకు 6 లక్షలు తాకట్టు. వాళ్లకు పూర్తిగా తీరిపోతుంది కాబట్టి రెండో కాలమ్‌లో ఏమీ రాదు, మిగిలిన 3 లక్షలు ఆస్తుల వైపుకు వస్తాయి. తాకట్టు విలువ ఎక్కువైతే మిగులు ఇటు, తక్కువైతే లోటు అటు. ఈ ఒక్కటి పట్టుకుంటే సగం పని అయినట్టే.

అంటే ఎవరి తాకట్టూ లేకుండా మిగిలిన ఆస్తి: బాకీల్లో 8,00,000, ర్యాకులు 60,000, అడ్వాన్స్ 1,80,000, ప్లాటు మిగులు 3,00,000, గల్లాలో 20,000. మొత్తం 13,60,000.

ఇందులోంచి ముందు తీసి పక్కన పెట్టాల్సినవి ఉన్నాయి. చెన్నై నగరంలో వ్యక్తుల దివాలాకు ఇప్పటికీ 1909 నాటి ప్రెసిడెన్సీ పట్టణాల దివాలా చట్టమే వర్తిస్తుంది, కేసు హైకోర్టులో, ఆస్తి అఫీషియల్ అసైనీ అనే హైకోర్టు అధికారి చేతికి పోతుంది. 2016 దివాలా కోడ్‌లో వ్యక్తులకు సంబంధించిన భాగం కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్లకు మాత్రమే అమల్లోకి వచ్చింది, మామూలు కొట్టు యజమానికి కాదు. (బెంగళూరులో అయితే 1920 చట్టం, జిల్లా కోర్టు.) ఆ పాత చట్టం ప్రకారం ప్రభుత్వానికీ కార్పొరేషన్‌కూ ఉన్న బాకీలు ముందు వరసలో వస్తాయి, మాకు జీఎస్టీతో కలిపి 3,59,500 తేలింది. వాళ్లతో పాటే పనివాళ్ల నాలుగు నెలల జీతం కూడా, కానీ దానికి పరిమితి ఎంతో తెలుసా? గుమాస్తాకు 300 రూపాయలు, కూలీకి 100. నూరేళ్ల కిందటి అంకెలు! మా దగ్గర గుమాస్తా ఒకడు, కూలీలు ఇద్దరు, ముగ్గురికీ కలిపి 76,000 బాకీ, అందులో ముందు వరసలోకి వచ్చింది 500. మిగతా 75,500 అందరితో పాటు వాటాకే. మొదట నేను మొత్తం జీతాలు ముందు వరసలో రాశాను, అది కూడా కొట్టేశారు. ఆ ముగ్గురికీ ఈ సంగతి చెప్పిన రోజు గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

13,60,000లో ఈ 3,60,000 పోతే 10 లక్షలు. ఇది పంచుకునేవాళ్లు: సప్లయర్లు 26 లక్షలు, బ్యాంకు లోటు 5 లక్షలు, చేబదుళ్లు 6 లక్షలు, జీతాలు 75,500, ఇంకొకటి 2,24,500. ఆ చివరిది బాబాయి తన స్నేహితుడి చీటీకి పెట్టిన హామీ. ఆ మనిషి చీటీ పాడుకుని ఊరు వదిలేశాడు కాబట్టి మిగిలిన వాయిదాలన్నీ రాయాల్సి వచ్చింది, అతను సరిగ్గా కడుతూ ఉంటే మొదటి కాలమ్‌లో మాత్రమే చూపేవాళ్లం. మొత్తం 40 లక్షలు. 40కి 10, రూపాయికి పావలా. ఇది కూడా ఖర్చులకు లోబడే. అసైనీ కమిషన్, అమ్మకం ఖర్చులు ఇంకా తీయలేదు, కాబట్టి సప్లయర్లకు "పావలా ఖాయం" అని మాటివ్వకండి.

తర్వాత ఇంకొక పేజీ రాయాలి, దాన్ని డెఫిషియెన్సీ అకౌంట్ అంటారు. లోటు 30 లక్షలు ఎలా వచ్చిందో చెప్పే పేజీ. చాలామంది దీన్ని ఫార్మాలిటీ అనుకుంటారు, నన్నడిగితే పట్టుబడేది ఇక్కడే. మేం మూడేళ్ల కిందటి పెట్టుబడి 12 లక్షలతో మొదలుపెట్టాం. వ్యాపార నష్టం 9 లక్షలు, ఇంటికి వాడినది 6,85,500 (చెల్లెలి పెళ్లి అందులోనే). అమ్మకంలో పోయేది, సరుకు, బాకీలు, ర్యాకులు కలిపి 19,40,000. చేబదుళ్లు, చీటీ హామీ కలిపి 8,24,500, అందులో ప్లాటు మిగులు 3 లక్షలు తీసేయాలి. ఇవన్నీ కూడి, మొదటి పెట్టుబడి 12 లక్షలు తీసేస్తే 28,50,000 వచ్చింది. ఇంకో లక్షన్నర ఎక్కడ?

రెండు రాత్రులు టెన్షన్‌తో కూడికలే చూశాను. కూడిక తప్పు కాదు. క్యాష్ బుక్‌లో నిలవ 1,70,000 ఉంది, గల్లాలో 20,000 ఉంది. అడిగితే బాబాయి కాసేపు నీళ్లు నమిలి, రెండు వారాల కిందట బావమరిదికి చేబదులు తిరిగి ఇచ్చేశానన్నాడు, పుస్తకంలో రాయకుండా. ఇంటి వాడకం 8,35,500 అని దిద్దితే లెక్క 30 లక్షలకు సరిపోయింది, కానీ అసలు సమస్య అప్పుడు మొదలైంది. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లోపు, ఒకరికి మేలు చేయాలనే ఉద్దేశంతో అప్పు తీరిస్తే దాన్ని అసైనీ రద్దు చేయించి వెనక్కి రాబట్టవచ్చు. అలా వస్తే ఆస్తి 11,50,000 అవుతుంది, బావమరిది కూడా తన లక్షన్నరతో వరసలోకి వస్తాడు, అప్పులు 41,50,000. అప్పుడు రూపాయికి దాదాపు 27.7 పైసలు. మేం ఆ చెల్లింపును తేదీతో సహా రాసేశాం. దాచి ఉంటే? ఈ కాగితం కింద ప్రమాణం చేసి సంతకం పెట్టేది బాబాయే.

కాబట్టి మీరు ముందు చేయాల్సింది మామయ్య గల్లా లెక్కపెట్టి క్యాష్ బుక్‌తో పోల్చడం, గత మూడు నెలల్లో ఎవరెవరికి ఎంతిచ్చారో బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని ఆయన్నే కూర్చోబెట్టి అడగడం. అత్తయ్య ఎదురుగా కాకుండా విడిగా అడగండి, అప్పుడే నిజం చెబుతారు. బ్యాంకు తాకట్టు కాగితంలో సరుకు మాత్రమే ఉందా, రావలసిన బాకీలు కూడా ఉన్నాయా అన్నది తప్పకుండా చదవండి. బాకీలు కూడా ఉంటే నేను చెప్పిన 8 లక్షల్లాంటిది మీ లెక్కలో ముందు బ్యాంకు వైపుకే వెళ్లిపోతుంది.