కంప్రెసర్ కొనబోయే ముందు

చిరంజీవి బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. పాత కంప్రెసర్ తీసేసి 32 లక్షలు పెట్టి కొత్తది బిగించాలనుకుంటున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోనులో చెప్పింది. ఫిషింగ్ హార్బర్ పక్కన ఐస్ ఫ్యాక్టరీని ఆడపిల్ల ఏం నడుపుతుందని అన్నవాళ్ళందరూ నాకు గుర్తున్నారు. అందుకే ముందు ఛాతీ పొంగింది. ఆ తర్వాత తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. నాకు ఒక్క మాట చెప్పకుండా బ్యాంకు దాకా వెళ్ళావా తల్లీ?

మీ అమ్మ పంపిన కొటేషన్ చూశాను. కొత్త మిషన్‌తో టన్ను ఐస్‌కు 18 యూనిట్లు మిగులుతాయి, రోజుకు 15 టన్నులు, 365 రోజులు, యూనిట్‌కు 8 రూపాయలు. ఏడాదికి 7 లక్షల 88 వేలు మిగిలి, నాలుగేళ్ళలో పెట్టుబడి తిరిగి వస్తుందని రాశారు. గుణకారం సరిగానే ఉంది. ఆ 365 దగ్గరే తప్పు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. మరబోట్లు కదలవు, ఐస్ అడిగేవాళ్ళు ఉండరు. బ్యాంకు వాయిదా మాత్రం ఆ రెండు నెలలూ కట్టాల్సిందే. తుఫాను హెచ్చరికల రోజులు వేరే ఉన్నాయి. నీ అమ్మకాల పుస్తకంలో నిరుడు తేలినవి 3,600 టన్నులేనని మీ అమ్మ చెప్పింది. ఆ అంకె వేస్తే మిగిలేది 5 లక్షల 18 వేలు. ఇది నువ్వే చూసుకోవలసిన సంగతి.

అసలు భయం ఇది కాదు. ఆ 18 యూనిట్లూ కంప్రెసర్ వల్లే పోతున్నాయని నీకెవరు చెప్పారు?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక నా ఫ్యాక్టరీ రేకులు లేవు, కరెంటు లేదు. తిరిగి నిలబడేసరికి బిల్లు చూస్తే గుండె ఆగినంత పనైంది. టన్నుకు 74 యూనిట్లు. మిషన్ ముసలిదైపోయిందనుకున్నాను. కొత్త మిషన్ అమ్మడానికి వచ్చినవాడు కూడా అదే అన్నాడు. 18 లక్షలు అప్పు చేసి కొత్త కంప్రెసర్ పెట్టాను, పాతదాన్ని తూకానికి అమ్మేశాను. లారీ గేటు దాటుతుంటే మీ అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. నేను కసురుకున్నాను. మరుసటి నెల బిల్లు వచ్చింది. టన్నుకు 70. పద్దెనిమిది లక్షలకు నాలుగు యూనిట్లు.

మరుసటి ఏడాది వేట నిషేధంలో ఫ్యాక్టరీ ఆగినప్పుడు, మా దగ్గర చాలా ఏళ్ళు పనిచేసిన ముసలి ఫిట్టరు కండెన్సర్ గొట్టాన్ని స్క్రూడ్రైవర్‌తో గీకాడు. తెల్లటి గార పెచ్చు ఊడి నా అరచేతిలో పడింది. రెండు రూపాయి నాణేలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం. మా బోరు నీళ్ళు ఉప్పన, ఏళ్ళ తరబడి గొట్టాల మీద పేరుకుపోయింది. వేడి బయటికి పోలేక అమ్మోనియా లోపలే ఉడుకుతూ ఉంటే, కంప్రెసర్ దాన్ని ఇంకా ఎక్కువ ఒత్తిడికి నెట్టడానికి కరెంటు తాగుతోంది. గేజు ముల్లు రోజూ 220 పౌండ్ల దగ్గర నిలబడి నాకు అదే చెబుతూ వచ్చింది. శుభ్రమైన కండెన్సర్‌కు మన ఊరి వాతావరణంలో 180 పౌండ్ల దగ్గర ఉండాలి. రోజూ చూసేదే కాబట్టి నాకు కనబడలేదు. గొట్టాలు రుద్ది కడిగాక టన్నుకు 61కి దిగింది. కడగడానికి అయిన ఖర్చు అరవై వేలు. పాత మిషన్‌తోనే ఆ పని ముందు చేసి ఉంటే ఆ అప్పు అవసరమే వచ్చేది కాదు.

అందుకే కొత్త మిషన్‌ను నీ దగ్గర గార పట్టి ఉన్న పాతదానితో పోల్చకు. బాగుచేసిన పాతదానితో పోల్చు. ఏప్రిల్ 15న బోట్లు ఆగగానే కండెన్సర్ కడిగించు. లోపల గాలి చేరిందేమో కూడా చూడు. కంప్రెసర్ ఆపి, నీళ్ళు మాత్రం తిరగనిచ్చి, గొట్టాలు నీళ్ళంత చల్లబడేదాకా ఆగు. నీళ్ళు 30 డిగ్రీలుంటే ముల్లు 155 పౌండ్ల దగ్గర నిలవాలి. అంతకు పైన ఉంటే గాలి ఉన్నట్టే, అది తీయించు. జూన్‌లో ఫ్యాక్టరీ మొదలయ్యాక ఒక వారం మీటరు అంకెలూ దిమ్మల లెక్కా పక్కపక్కన రాసుకో. 50 కిలోల దిమ్మలు ఇరవై అయితే టన్ను.

ఇప్పుడు నీకు టన్నుకు 78 పడుతోంది, కొత్తదానికి 60 అంటున్నారు. కడిగాక 78 అలాగే ఉంటే నా అనుమానం తప్పు, వెంటనే కొను. కరెంటు ఒక్కటే 5 లక్షల 18 వేలు మిగులుతుంది. ఆ 32 లక్షలను 11 శాతం వడ్డీతో 15 ఏళ్ళకు సమానంగా పంచితే ఏడాదికి 4 లక్షల 45 వేలే కదా. కానీ 68కి దిగిందనుకో, అప్పుడు తేడా 8 యూనిట్లే, ఏడాదికి 2 లక్షల 30 వేలు. పాత మిషన్‌కు రిపేర్లు కొత్తదానికన్నా లక్షా పదివేలు ఎక్కువ అవుతాయనుకుందాం. ఈరోజు అమ్మితే 3 లక్షలు వస్తాయి, వచ్చే ఏడాదికి 40 వేలు తగ్గుతుంది, ఆ 3 లక్షల మీద వడ్డీ 33 వేలు. అన్నీ కలిపితే పాతదాన్ని ఇంకొక ఏడాది ఉంచుకోవడానికి 4 లక్షల 13 వేలు. కొత్తదానికి ఏడాదికి పడే 4 లక్షల 45 వేలకన్నా కాస్త తక్కువ. ఈ ఏడాది ఉంచుకోవచ్చు.

పాత మిషన్ ఇంకా ఎన్నేళ్ళు తిరుగుతుందని అడగకు, బాగు చేస్తూ పోతే పదేళ్ళు తిరుగుతుంది. ఇంకొక ఏడాది తిప్పడానికి ఎంత అవుతుందో అడుగు. ఆ తర్వాత ఏడాదికి లైనర్లూ బేరింగులూ పూర్తిగా మార్చాల్సి వస్తుంది, అదొక లక్షన్నర. అప్పుడు లెక్క తిరగబడుతుంది. అందుకే వచ్చే ఏడాది నిషేధానికి మిషన్ చేతిలో ఉండేలా ముందే ఆర్డరివ్వు, ఆ 61 రోజుల్లో బిగించుకో. సీజన్ మధ్యలో ఆగితే బోటువాళ్ళు వేరే ఫ్యాక్టరీకి అలవాటు పడతారు. నిరుడు మోటారు చుట్టించిన డబ్బు మాత్రం ఈ లెక్కలో వేయకు. మిషన్ ఉంచినా తీసినా అది తిరిగి రాదు.

ఇంకొకటి ఉంది, దానికి ఈ లెక్కలేవీ వర్తించవు. సముద్రపు గాలికి అమ్మోనియా గొట్టాలు పెయింటు కింద తినేసి ఉంటాయి. నా దగ్గర ఒక రాత్రి గ్యాస్కెట్ పోయి, ఒక కుర్రాడు కళ్ళు పట్టుకుని కుప్పకూలాడు. తడి తువ్వాలు ముఖానికి చుట్టి బయటికి లాక్కొచ్చాం. చూపు దక్కింది. ఆ రాత్రి వాసన నాకింకా పోలేదు. కొత్త కంప్రెసర్ పెట్టినంత మాత్రాన పాత గొట్టాలు కొత్తవి కావు. ముందు వాటి మందం పరికరంతో కొలిపించు. పలచబడినచోట ఏ లాభమూ చూడకుండా మార్చెయ్. అప్పటిదాకా రాత్రి షిఫ్టులో నువ్వు కంప్రెసర్ గదిలో ఒంటరిగా ఉండొద్దు.

బ్యాంకులో ఇంకా సంతకం పెట్టలేదంటే, ఆపు. ఆదివారం పొద్దున్నే వస్తాను. మీ అత్తయ్య పొయ్యి ఎక్కించకముందే బయలుదేరుతాను కాబట్టి టిఫిన్ నీ దగ్గరే. పాత స్క్రూడ్రైవర్ ఒకటి సిద్ధంగా పెట్టు, ముందు కండెన్సర్ గొట్టం గీకి చూద్దాం.

మీ మావయ్య