లీవ్ పోర్టల్‌లో కారణం ఎలా రాయాలి?

"లీవ్ పోర్టల్‌లో రీజన్ బాక్స్ దగ్గరే ఆగిపోతున్నాను. 'పర్సనల్' అని రాస్తే వెనక్కి వస్తోంది, వివరంగా రాస్తే మేనేజర్ ఇంకా ప్రశ్నలు అడుగుతున్నారు. ఎంత రాయాలి?"

నాలుగేళ్ల క్రితం అమ్మకి విజయవాడలో కంటి శుక్లం ఆపరేషన్. హైదరాబాద్ నుంచి వెళ్లడానికి మూడు రోజుల సెలవు పెట్టాను. బాక్స్ నిండా రాశాను: అమ్మకి చూపు ఎప్పటినుంచి తగ్గింది, నాన్న ఒక్కరే ఎలా చూసుకుంటారు, దయచేసి మంజూరు చేయండి అని. రెండు రోజుల తర్వాత అది వెనక్కి వచ్చింది. చాలా బాధేసింది. కానీ తప్పు నాదే. నేను ఎంచుకున్నది సిక్ లీవ్. మా కంపెనీలో అది ఉద్యోగి తనకు ఒంట్లో బాగోలేనప్పుడు వాడుకునేది. కారణం చదివితే జబ్బు అమ్మకి. రెండింటికీ పొంతన కుదరలేదు.

ఎర్న్‌డ్ లీవ్ ఎంచుకుని మళ్లీ ఇలా రాశాను:

"అమ్మకి 14న విజయవాడలో కంటి ఆపరేషన్. 13న ప్రయాణం, 15న కట్టు విప్పి డాక్టర్ చూస్తారు. 16న ఆఫీసుకు వస్తాను."

గంటలో అప్రూవ్ అయింది. ఇందులో ప్రతి రోజుకీ ఒక పని కనిపిస్తుంది, అందుకే "మూడు రోజులు ఎందుకు?" అనే ప్రశ్న రాలేదు.

ఇప్పుడు మా టీమ్ సెలవులు నేనే చూస్తున్నాను. చాలాసార్లు మీటింగ్ మధ్యలో ఫోన్‌లో వచ్చే నోటిఫికేషన్‌లో మొదటి నాలుగైదు మాటలే కనిపిస్తాయి. అక్కడ "గౌరవనీయులైన సార్‌కి" అని ఉంటే తర్వాత తీరిగ్గా చూద్దామని పక్కన పెట్టేస్తాను. అసలు సంగతి ముందే ఉంటే అప్పుడే నొక్కేస్తాను. పని ఎవరికి అప్పగించారో బాక్స్‌లో అక్కర్లేదు, టీమ్‌కి విడిగా మెసేజ్ పెడితే చాలు.

ఒక్క రోజు క్యాజువల్ లీవ్‌కి "సొంత పని" అన్నా నేను అడగను. నాలుగు రోజులకి అదే మాట ఉంటే అడగక తప్పదు. అలాంటప్పుడు "కుటుంబ పని మీద ఊరికి ప్రయాణం" అన్నా సరిపోతుంది, అది నిజమైతే.

మీకే ఒంట్లో బాగోలేకపోతే "జ్వరం, డాక్టర్ రెండు రోజులు విశ్రాంతి తీసుకోమన్నారు" అంటే చాలు. చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉండే జబ్బు పేరు మాత్రం బాక్స్‌లో రాయకండి. అది రికార్డులో ఉండిపోతుంది, హెచ్‌ఆర్ వాళ్లూ చూడగలరు. "వైద్య చికిత్స" అని రాసి, మేనేజర్‌కి చెప్పాలనిపిస్తే నోటితో చెప్పండి. సర్టిఫికెట్ అడిగే నియమం ఉంటే దాని మీద ఉన్న తేదీలూ మీరు పెట్టిన తేదీలూ ఒకటేనా అని సబ్మిట్ నొక్కే ముందు చూసుకోండి. మా దగ్గర ఎక్కువగా వెనక్కి వెళ్లేవి ఆ తేదీలు కలవనివే.